పుల్కా పొంగనప్పుడు దాన్ని చింపి చూడండి: కర్నూలు పుల్కా పాయింట్ కేసు

కర్నూలు సి-క్యాంప్ వైపు సాయంత్రం ఆరున్నర నుంచి రాత్రి పది దాకా నడిచే ఒక పుల్కా పాయింట్ ఇది. పుల్కాలు, జొన్నరొట్టెలు, రెండు మూడు కూరలు, చట్నీలు, అన్నీ పార్సిలే. రొట్టెలు వత్తడానికి ఒక ఆమె, కాల్చడానికి ఒక కుర్రాడు, కౌంటర్లో ఓనరు. మెస్సుల్లో, హాస్టళ్లలో వంటగది పని గాడిలో పెట్టడం నా వృత్తి కాబట్టి ఓనరు నాకు ఫోన్ చేశాడు. ఫిర్యాదు ఒక్కటే. "పదింట్లో సగం పొంగడం ల్యా సార్. మెత్తగా ఉండవు, ఇంటికి పోయేసరికి అట్టముక్కలైతాండాయంట. పిండి మార్చినప్పటి నుంచే ఈ గోల."

పుల్కా పొంగకపోతే అందరూ మొదట పిండినే తిడతారు. అందుకే నేను దాన్ని చివరికి పెట్టుకుంటాను. నేను చూసేది కాలిన రొట్టెనే. పొంగని పుల్కాను పెనం మీద నుంచి తీసిన వెంటనే మధ్యకు చింపి, ఆ చింపిన అంచును దగ్గరగా చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. లోపల రెండు పొరలు పల్చగా విడిపోయి ఉండి, కింద పడ్డ సంచిలా అణిగిపోయి కనిపిస్తే ఆవిరి పుట్టింది, ఎక్కడో కారిపోయింది. పొరలే లేకుండా మొత్తం ఒకే ముద్దగా, మధ్యలో కొంచెం తడిగా, జిగటగా ఉంటే పొరలను విడదీసేంత ఆవిరి సమయానికి పుట్టలేదు. ఈ రెండూ వేర్వేరు రోగాలు. వీటికి మందు కూడా వేరే. దీన్ని పక్కన పెట్టి "మంట పెంచు, పిండి మార్చు, నూనె వెయ్యి" అంటూ పోతే ఒకటి బాగుచేయబోయి ఇంకొకటి పాడవుతుంది.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. కిలో పిండికి 650 మిల్లీలీటర్ల నీళ్లు పోసి కలిపితే, 35 గ్రాముల ఉండలో దాదాపు 14 గ్రాముల నీళ్లు ఉంటాయి. ఒక గ్రాము నీరు ఆవిరైతే ఒకటిన్నర లీటరు పైనే చోటు ఆక్రమిస్తుంది. గుండ్రంగా పొంగిన పుల్కా లోపల ఉండే ఖాళీ అర లీటరు, మహా అయితే ఇంకొంచెం. అంటే దాన్ని నింపడానికి అర గ్రాము నీరు కూడా అక్కర్లేదు. ఉండలో దానికి ఎన్నో రెట్లు ఉంది. కాబట్టి పుల్కా పొంగకపోవడానికి నీళ్లు చాలకపోవడం అరుదైన కారణం. ఆ కొద్దిపాటి ఆవిరి రెండు పొరల మధ్య ఒక్కసారిగా పుట్టిందా, పుట్టాక బయటికి దారి దొరకకుండా ఉందా అన్నదే అసలు ప్రశ్న.

ఆ సాయంత్రం పొంగని పుల్కాలన్నీ నేను పక్కన పెట్టించి చింపి చూశాను. ఏడున్నర లోపు కాల్చినవాటిలో ఎక్కువ ముద్దరకమే. ఎనిమిది దాటాక కాల్చినవాటిలో ఎక్కువ కారిపోయిన రకం. వాటిలో కొన్ని పెనం మీద ఉన్నప్పుడే అంచు దగ్గర ఒక్క చోట నుంచి "సుయ్" మని ఆవిరి చిమ్మడం కంటికి కనిపించింది, ట్యూబు పంక్చరైనట్టే. ఒకే పిండి, ఒకే మనుషులు, ఒకే పెనం, అయినా గంట తేడాతో రోగం మారింది. పిండే తప్పయితే మొదటి నుంచి చివరి దాకా ఒకే రకంగా పాడవ్వాలి.

అయినా పిండిని వదిలేయకూడదు కాబట్టి ఒక చిన్న పరీక్ష చేశాం. పాత పిండి కొంచెం డబ్బాలో మిగిలి ఉంది. కొత్తది దగ్గర్లోని మరలో పట్టించింది. రెండూ 200 గ్రాముల చొప్పున తూచి, విడివిడిగా కలిపి, మూత పెట్టి అరగంట ఉంచి, మామూలు ఇంటి పెనం మీద కాల్చాం. రెండూ పొంగాయి. కానీ కలిపేటప్పుడు ఒక తేడా తెలిసింది. పాత పిండి 120 మిల్లీలీటర్లకు మెత్తబడింది. కొత్తది 130కి గానీ ఆ మెత్తదనానికి రాలేదు. రాతి మరలో పట్టిన పిండి మామూలుగానే నీళ్లు ఎక్కువ తాగుతుంది, ఎందుకంటే ఆ రాపిడికి గోధుమలోని స్టార్చ్ రేణువులు ఎక్కువగా చితుకుతాయి. పైగా ఇందులో పొట్టు కూడా కొంచెం ముతకగా ఉంది. పొట్టు నీళ్లు తాగుతుంది, కానీ నిదానంగా తాగుతుంది. అంగడిలో మాత్రం అదే పాత జగ్గుతో అవే నీళ్లు పోస్తున్నారు. అంటే పిండి తప్పు చేయలేదు గానీ, ముద్ద మాత్రం ముందుకంటే గట్టిగా తయారవుతోంది. కిలోకు ఇంకో 50 మిల్లీలీటర్లు పెంచమని చెప్పి, జగ్గు మీద కొత్త గీత గీయించాను.

తర్వాత నానబెట్టడం. వత్తే ఆమెను అందరూ రొట్టెలక్క అనే పిలుస్తారు, నేనూ అలాగే పిలిచాను. జొన్నరొట్టె తట్టడంలో ఆమె చెయ్యి చూడాల్సిందే. అరచేతి కింద ముద్ద తిరుగుతూ తిరుగుతూ అంచు కూడా పగలకుండా పల్చబడిపోతుంది. ఆమె గోధుమపిండిని కూడా ఆరు గంటలకు కలిపి, పది నిమిషాలు కూడా ఆగకుండా వత్తడం మొదలుపెడుతోంది. అడిగితే, "జొన్నపిండికి నానబెట్టేదేముంది సార్, కలిపిందే తట్టాల. పెట్టినామంటే పగుళ్లు వస్తాయి" అంది. జొన్న విషయంలో ఆమె చెప్పింది అక్షరాలా నిజం. పిండికి సాగే గుణమిచ్చే గ్లూటెన్ జొన్నలో ఉండదు. కాగే నీళ్లు పోసినప్పుడు ఉడికిన కొంచెం స్టార్చే ముద్దను పట్టి ఉంచుతుంది. అది ఆరేకొద్దీ పట్టు తగ్గి అంచులు విరుగుతాయి. గోధుమ దీనికి సరిగ్గా ఎదురు. నీళ్లు తగలగానే గ్లూటెన్ తయారవడం మొదలవుతుంది, పిసికేకొద్దీ బిగుసుకుంటుంది. బిగుసుకున్న దాన్ని వెంటనే వత్తితే సాగినట్టే సాగి వెనక్కి లాక్కుంటుంది. కాసేపు వదిలేస్తే ఆ బిగువు సడలుతుంది. ఈలోగా పొట్టు కూడా తన నీళ్లు తాను తాగి మెత్తబడుతుంది. మెత్తబడని ముతక పొట్టు రేకులు పల్చటి పొరలో గుచ్చుకుని చిన్న చిన్న రంధ్రాలు చేస్తాయి.

ఇదంతా నోటితో చెబితే ఎవరూ నమ్మరు, స్కేలు పెట్టి చూపించాలి. అప్పుడే పిసికిన ముద్దలోంచి 35 గ్రాముల ఉండ తీసి, రొట్టెలక్కతోనే 15 సెంటీమీటర్ల వెడల్పుకు వత్తించాను. కర్ర పక్కన పెట్టి చూస్తుండగానే అది ముడుచుకుని 13కి వచ్చింది. రెండు సెంటీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ వెడల్పు అంత తగ్గితే మందం మూడో వంతు పెరుగుతుంది. 15 సెంటీమీటర్ల దగ్గర మిల్లీమీటరున్నర పైచిలుకు ఉండే రొట్టె, 13 దగ్గర రెండు మిల్లీమీటర్లు దాటిపోతుంది. అదీ సమానంగా కాదు. అంచులు ముడుచుకుని మందమవుతాయి, మధ్యలో అలాగే ఉంటుంది. అదే ముద్ద అరగంట మూత కింద ఉన్నాక వత్తితే 15 దగ్గరే నిలబడింది. రొట్టెలక్క రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని వేలితో నొక్కి చూసింది. తాజా ముద్దలో గుంట వెంటనే పూడిపోయింది. నానినదాంట్లో గుంట నిలబడి మెల్లగా సగం పైకి లేచింది. "ఇది చెయ్యికి తెలుస్తాది, గడియారమెందుకు" అంది. నేను ఎన్నిసార్లు చెప్పినా తేలనిది ఆ వేలి గుంటతో తేలింది. ముద్ద గట్టిగా కలిపిన రోజు అరగంట చాలదు, మెత్తగా కలిపిన రోజు ఇరవై నిమిషాలకే సడలుతుంది. ఆ తేడా వేలికే అందుతుంది.

ఎక్కువసేపు నానితే మంచిదనుకోవడం కూడా తప్పే. కర్నూలు ఎండాకాలం గురించి చెప్పనక్కర్లేదు. మధ్యాహ్నం కలిపిన ముద్దను వంటగదిలో అలాగే వదిలేస్తే సాయంత్రానికి జారుగా, చేతికి అంటుకునేలా అయిపోయి, రంగు మాసి, పులుపు వాసన పడుతుంది. అంటుకుంటోందని పొడిపిండి ఎక్కువ వాడతారు, దాని సంగతి కింద చెబుతాను. ఎండాకాలంలో చల్లటి నీళ్లతో కలిపి, బయట గంటన్నరకు మించి ఉంచకపోవడం నయం. అంతకు మించి కావాలంటే ఫ్రిజ్‌లో పెట్టి, వత్తే ముందు బయటకు తీసి చలి పోనివ్వాలి.

ఇక ఎనిమిది తర్వాత వచ్చే రెండో రోగం, ఆవిరి కారిపోవడం. దీనికి కారణం వత్తే బల్ల దగ్గరే కూర్చుని చూస్తే దొరికింది. రద్దీ వేళకు చేతికి అందాలని ఏడు గంటలకే ఉండలన్నీ చేసి పళ్లెంలో పేర్చి పెడుతున్నారు, మూత లేదు. పైన ఫ్యాన్ ఫుల్ స్పీడులో తిరుగుతోంది. ఒక ఉండను తీసి వేళ్ల మధ్య నొక్కితే పైన పల్చటి పెచ్చులా ఎండిన పొర, దాని మీద సన్నని గీతలు. వత్తినప్పుడు ఆ పెచ్చు సాగదు, గీతల వెంట చీలుతుంది. కాల్చేముందు రొట్టెను ట్యూబ్‌లైట్‌కు ఎదురుగా పట్టుకుంటే ఆ చీలికలు వెలుగు గీతల్లా కనిపించాయి. అలాంటి రొట్టె పెనం మీద ఎంత బాగా కాలినా ఆవిరి ఆ గీతలోంచే పోతుంది. దాన్ని గుడ్డతో నొక్కడం వల్ల లాభం లేదు, ఇంకా త్వరగా పోతుంది.

ట్యూబ్‌లైట్ పరీక్షలోనే ఇంకొకటి బయటపడింది. రొట్టెలక్క వత్తిన చాలా పుల్కాల్లో మధ్య భాగం వెలుగు ఎక్కువ, అంచు చుట్టూ నీడ. అంటే మధ్యలో పల్చన, అంచు మందం. ఇది కూడా జొన్నరొట్టె అలవాటే. తట్టేటప్పుడు బరువంతా మధ్య నుంచి మొదలై బయటికి పోతుంది, చివర్లో వేళ్లు అంచును సరిచేస్తాయి. కర్రతో వత్తేటప్పుడు ఆ సరిచేసే వేళ్లు ఉండవు. మధ్యలో పల్చబడ్డ చోట ముందే ఎండి మచ్చపడి రంధ్రం పడుతుంది, మందపు అంచు పచ్చిగా మిగులుతుంది. ఒక పక్కే పొంగి ఆగిపోయే పుల్కాలు చాలావరకు ఇలాంటివే. కర్రను మధ్యలో నొక్కకుండా, అంచు వైపు తేలికగా తోస్తూ, ఆ తోపుకే రొట్టె పీట మీద దానంతటదే తిరిగేలా వత్తాలి. ఇది అలవాటు కావడానికి ఆమెకు కొన్ని సాయంత్రాలు పట్టింది. ఇప్పటికీ రద్దీ ఎక్కువైతే చెయ్యి పాత దారికి పోతుంది.

మందం ఎంత ఉండాలని అడిగితే కొలత కంటే బరువు, వెడల్పు రెండూ పట్టుకోవడం సులువు. 35 గ్రాముల ఉండ, 15 సెంటీమీటర్ల వెడల్పు, అంతే. పీట మీద ఆ వెడల్పుకు మార్కర్‌తో ఒక గుండ్రం గీయించాను. అంతకంటే బాగా పల్చగా వత్తితే రెండు పొరలుగా విడిపోవడానికి మధ్యలో తడి పిండే మిగలదు. పెనం మీద పడీ పడగానే మొత్తం ఎండి అప్పడమవుతుంది. బాగా మందమైతే పై పొరలు కాలిపోయేదాకా మధ్యకు వేడి చేరదు. ఉండలు కంటి అంచనాతో తీస్తుంటే 28 గ్రాముల నుంచి 50 దాకా ఉన్నాయి. ఒకే పెనం మీద అన్నిటికీ ఒకే సమయం ఇస్తే కొన్ని మాడి, కొన్ని పచ్చిగా ఉండక ఏమవుతాయి. చిన్న కాటా ఒకటి బల్ల మీదికి వచ్చింది. ఒకటి రెండు రోజులు తూచాక అక్క చెయ్యి దాన్ని నేర్చుకుంది, కాటా మూలకు పోయింది.

పొడిపిండి గురించి ఒక మాట. వత్తేముందు ఒకసారి, మధ్యలో ఒకసారి అద్దితే చాలు. కాల్చేముందు రెండు చేతుల మధ్య తట్టి దులపాలి. దులపకపోతే ఆ పిండి పెనం మీద రాలి మాడుతుంది, ఆ మాడు తర్వాతి రొట్టెకు అంటి నల్ల చుక్కలు, చిన్న రంధ్రాలు చేస్తుంది. ఉండ చేసేటప్పుడు మడతలో పొడిపిండి చిక్కుకుంటే మరీ ఘోరం. ఆ మడత ఎప్పటికీ అతుక్కోదు, ఆవిరికి అదే దారి.

ఇప్పుడు మొదటి రోగం, ఏడున్నర లోపు వచ్చే ముద్దరకం. నానని ముద్ద, గట్టి పిండి అందులో ఒక భాగం. మిగతాది పెనం. పిండి మార్చిన వారంలోనే ఓనరు పాత గుండ్రటి పెనాన్ని తీసేసి, ఒకేసారి ఎక్కువ కాల్చొచ్చని పెద్ద చదరపు ఇనుప ప్లేటు పెట్టించాడు. ఫోన్‌లో ఈ మాట అనలేదు. దాని కింద బర్నర్ మాత్రం ఒక్కటే, మధ్యలో. టెంపరేచర్ గన్ పెట్టి చూస్తే మధ్యలో 240 డిగ్రీల సెల్సియస్, మూలల్లో 150. నల్లగా పదును పట్టిన ఇనుము కాబట్టి గన్ సరిగ్గానే చూపిస్తుంది. తళతళలాడే స్టీలు మీద అదే గన్ తక్కువ చూపించి మోసం చేస్తుంది, అక్కడ నమ్మొద్దు. గన్ లేనివాళ్లు చిటికెడు పొడిపిండి చల్లి చూడొచ్చు. అయిదారు అంకెలు లెక్కపెట్టే లోపు గోధుమరంగుకు తిరిగితే చాలినంత వేడి. పడగానే నల్లబడి పొగ వస్తే ఎక్కువ. చాలాసేపు తెల్లగానే కూర్చుంటే తక్కువ. నీటి చుక్క చూపేదీ ఇంచుమించు ఇదే. తక్కువ వేడిలో అక్కడే కూర్చుని కాగి ఆరిపోతుంది, వేడెక్కిన పెనం మీద ముత్యంలా దొర్లుతుంది.

మూలల్లో వేసిన పుల్కా అక్కడ కాలడం లేదు, ఎండుతోంది. పై పొర చర్మంలా గట్టిపడి సాగే గుణం పోగొట్టుకున్న తర్వాత ఎప్పుడో మధ్యకు వేడి చేరుతుంది. అప్పటికి ఆవిరి పుట్టినా పొర సాగదు. ఈ సంగతి ఓనరుకు చెబుతుంటే పక్కనుంచి రొట్టెలక్క, "ఆ మూలల్లో నేను జొన్నరొట్టె ఎప్పుడన్నా వేసినానా? అది ఉడకదు ఆడ" అంది. అవును, జొన్నరొట్టెలన్నీ ఆమె మధ్యలోనే కాలుస్తోంది. పుల్కాలు కాల్చేది కుర్రాడు, అతనికి ఈ మాట ఎవరూ చెప్పలేదు, ఆమెను ఎవరూ అడగలేదు.

దాంతో కాల్చే వరస మార్చాం. బర్నర్ ముందుగా వెలిగించి ప్లేటుకు పావుగంట టైమివ్వాలి. ఇంత మందమైన ఇనుము తొందరగా ఎక్కదు, కానీ ఎక్కితే నిలుస్తుంది. మంటకు నేరుగా పైనున్న వలయంలోనే రొట్టె పడాలి, ఒకేసారి నాలుగుకు మించకూడదు. పచ్చి రొట్టె ప్రతిదీ పెనం వేడిని లాక్కుంటుంది, ఎనిమిది ఒకేసారి పడితే మధ్య భాగం కూడా చల్లబడుతుంది. మొదటి పక్క పదిహేను ఇరవై సెకన్లే. పైభాగం రంగు కొంచెం మారి చిన్న చిన్న బొబ్బలు లేవగానే తిప్పేయాలి. ఎక్కువసేపు ఉంచితే ఆ పొర ఎండి, తర్వాత సాగాల్సిన సమయంలో పగులుతుంది. రెండో పక్క అరనిమిషం పైన, కింద గోధుమరంగు మచ్చలు పడేదాకా. మళ్లీ తిప్పాక మడిచిన గుడ్డతో, పొంగు మొదలైన చోట కాకుండా దాని పక్కన మెల్లగా అదిమితే ఆవిరి విడిపోని వైపుకు జరిగి మొత్తం లేస్తుంది. రెండు పక్కలా పొర గట్టిపడి మధ్యలో మాత్రం తడి ఉన్న ఆ క్షణంలోనే బలమైన వేడి తగలాలి. అందుకే ఈ చివరి మలుపు ప్లేటు నట్టనడుమ జరగాలి. మూలలు కాలిన పుల్కాలు పేర్చుకోవడానికి మాత్రమే.

గ్యాస్ ఎక్కువవుతుందని ఓనరు మొదట గొణిగాడు. సన్నటి మంట మీద ఒక్కో పుల్కాను రెండు నిమిషాలు కాల్చి, అందులో సగం పక్కన పారేయడానికి ఎంత గ్యాస్ పోతోందో అతనికే లెక్క వేసుకోమన్నాను. నేరుగా మంట మీద జాలీ పెట్టి పొంగించే దారి కూడా ఉంది. అది చుట్టూ వేడి ఇచ్చి వత్తడంలోని చిన్న చిన్న లోపాలను దాచేస్తుంది. కానీ చీలిక ఉన్న రొట్టె దాని మీద కూడా పొంగదు, పైగా చీలిక దగ్గరే మాడుతుంది. ఇక్కడ పుల్కాలకు ఒకే బర్నర్ కాబట్టి ఆ మాట రాలేదు.

పిండి ఇప్పుడు రెండు విడతల్లో కలుపుతున్నారు. మొదటిది అయిదున్నరకు, రెండోది ఏడింటికి. ఉండలు ఒక్కో విడతకు సరిపడా మాత్రమే చేసి, పిండిన తడిగుడ్డ కప్పుతున్నారు. ఫ్యాన్ బల్ల మీద నుంచి జరిపి మనుషుల వైపు తిప్పారు. జగ్గు, పీట మీద గుండ్రం, ఉండల మీద గుడ్డ, ప్లేటుకు పావుగంట. ఈ మార్పుల తర్వాత పొంగనివి పదింట్లో ఒకటి రెండుకు తగ్గాయి. ఆ మిగిలినవాటిని కుర్రాడు ఇప్పుడు తనే చింపి చూస్తున్నాడు. ఎక్కువగా కారిపోయిన రకమే, అది కూడా రద్దీలో దులపకుండా వేసినప్పుడు.

రెండు చిక్కులు మిగిలే ఉన్నాయి. ఆదివారం రాత్రి పెద్ద ఆర్డర్లు వచ్చినప్పుడు నాలుగు రొట్టెల నియమం నిలవదు, ఆరు, ఎనిమిది వేస్తారు, ప్లేటు చల్లబడుతుంది, ముద్దరకం మళ్లీ కనిపిస్తుంది. దీనికి ప్లేటు కింద రెండో బర్నరే మందు. అప్పటి దాకా పాత గుండ్రటి పెనాన్ని కూరలు దించాక పక్క పొయ్యి మీదికి ఎక్కిస్తున్నారు. ఇంకొకటి, షుగర్ ఉన్నవాళ్ల కోసమని సగం రాగిపిండి కలిపిన పుల్కాలు కావాలని కొందరు అడుగుతున్నారు. రాగిలో గ్లూటెన్ లేదు, సగానికి సగం కలిపితే ఆవిరిని పట్టే పొరే ఏర్పడదు. అవి పొంగవని ముందే చెప్పి అమ్మాలి, లేదా రాగిని అయిదో వంతుకు తగ్గించాలి. ఓనరు ప్రస్తుతానికి అవి రొట్టెలక్కకే అప్పగించాడు, ఆమె వేడినీళ్లతో కలిపి జొన్నరొట్టెలాగే తట్టి ఇస్తోంది.